నలభయ్యో నిమిషం

ఆ రోజు పొద్దున్నే నాకు విసుగ్గా ఉంది. ఈ మధ్య ఏ రోజు లేదులెండి. అరవై ఒకటో ఏట ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చెక్‌పోస్టులో దిగి, అక్కణ్నుంచి ఆటోవాడితో గీచి గీచి బేరమాడి జూబ్లీ హిల్స్ ఆసుపత్రికి చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగతా సగం నరాల పరీక్ష గదిలో పోతుంది. ఆ గదికి కిటికీ లేదు. ఒక మంచం, ఒక యంత్రం, టెక్నీషియన్ వర్ణిక, నేను. బయట బల్లల మీద జనం.

ఇరవై ఎనిమిదేళ్లు ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెప్పాను. ఈ త్రిపురసుందరి మేడమ్ క్లాసంటే పిల్లలు వెనక బెంచీల కోసం పోట్లాడుకునేవారు, నిద్రకు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇక్కడ చేరాను. రోజుకి పన్నెండు మంది చేతులకీ కాళ్లకీ కరెంటు పెట్టి, తీగల్లో ఏం పరిగెడుతోందో చూసి, కాగితం మీద సంతకం పెట్టడం నా పని.

పదకొండు గంటలప్పుడు వర్ణిక వచ్చి, "మేడమ్, లిస్టులో లేని పేషెంటు. పాత రిపోర్టు చూపిస్తాడంట, రెండు నిమిషాలే అంటున్నాడు" అంది.

"రెండు నిమిషాలని వచ్చినవాళ్లెవరూ రెండు నిమిషాల్లో వెళ్లలేదమ్మా. రమ్మను."

ఇద్దరొచ్చారు. ముందున్నవాడికి ముప్పై ఆరేళ్లుంటాయి. తలుపుకు సరిపోయేంత మనిషి, మెడా భుజాలూ ఒకటైపోయాయి. పేరు హనుమంతు, ఉండేది బోరబండ. సినిమాల్లో ఫైటరు. హీరో కొడితే ఎగిరి పడతాడు, హీరోని తాడు కట్టి గాల్లోకి లేపేటప్పుడు ఆ తాడు పట్టుకుంటాడు. వెనకున్న పెద్దాయన అతని ఫైట్ మాస్టర్ ఆదినారాయణ. తెల్లచొక్కా, గోదావరి జిల్లాల మాట, వేళ్ల మీద పాత కుట్లు.

హనుమంతు ఒక కాగితం ఇచ్చాడు. రెండేళ్ల కిందటిది, అప్పుడప్పుడు చెయ్యి పట్టు తప్పుతోందని వస్తే మా ఆసుపత్రిలోనే చేసిన పరీక్షది. 'కండరాల పరీక్షలో లోపమేదీ కనబడలేదు' అని ఉంది. కింద నా సంతకం.

"గిండ్ల ఏం రాసిన్రో జర మళ్ల చదివి చెప్పుండ్రి మేడమ్" అన్నాడు. "గీ కాయితం చూపిచ్చే నన్ను తాగుబోతోన్ని జేసిన్రు."

సంగతి మాస్టరు చెప్పారు. మూడు వారాల కిందట ఫిల్మ్ నగర్ దగ్గర సెట్లో వాన ఫైటు. మౌళి అనే ఫైటరు పన్నెండడుగుల ఎత్తున తాడు మీద వేలాడుతున్నాడు. కింద తాడు పట్టుకున్నవాళ్లలో చివరివాడు, అందరికీ ఆధారం, హనుమంతు. అతని చెయ్యి జారింది. మిగిలిన ముగ్గురూ ఆపలేకపోయారు. మౌళి తొడ ఎముక విరిగి లోపల రాడ్ వేశారు. పదమూడేళ్లుగా ఒకే కంచంలో తిన్న స్నేహం. ఇప్పుడు మౌళి ఇతని ఫోను ఎత్తడం లేదు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి యూనియన్ ఆఫీసులో కమిటీ కూర్చుంటుంది. హనుమంతు తాగొచ్చి తాడు వదిలేశాడని తేలిస్తే యూనియన్ కార్డు రద్దు, అది లేనిదే సినిమాల్లో పని లేదు.

"వీడు తాగడని నాకు తెలుసండీ" అన్నారు మాస్టరు. "కానీ కమిటీవాళ్లు, మీ ఆసుపత్రి కాగితమే చెబుతోంది కదా వీడి చేతికి ఏ జబ్బూ లేదని, అంటున్నారు. జబ్బు లేనివాడు తాడెందుకు వదులుతాడంటే ఏం చెప్పనూ?"

హనుమంతు తన అరచేతిని చూసుకుంటూ, "నాకు గుడ సమజైతలేదు మేడమ్" అన్నాడు. "నేను పట్టుకోవాల్ననే పట్టుకున్న. పండ్లు గట్టిగ బట్టి పట్టుకున్న. చెయ్యి ఇనలే. నేనిడిసిన్నో, చెయ్యి ఇడిసిందో. మూడు వారాల సంది గదే ఆలోచన. నిద్ర వడ్తలేదు."

"ఎప్పుడు జారింది? షాటు మొదట్లోనా?"

"కాదు మేడమ్. మొదటి టేకు మంచిగనే అయింది. మళ్ల లైటింగు మార్చుడు, కెమెరా మార్చుడు, అర్ధగంట పైన కూసున్నం. లేసి పట్టుకుంటే గప్పుడు వాయె. ఎప్పుడు గిట్లనే. పనిల ఉన్నంతసేపు ఏం గాదు. కూసుంటేనే తంటా. మా నాయినకు గుడ గింతే. గీ జూబ్లీ హిల్స్‌ల ప్లాట్లకోసం బండలు కొట్టెటోడు. కొట్టినంతసేపు కొట్టి, బీడీ తాగనీకి కూసుంటే లెవ్వకపోతుండె. బద్ధకం అంటుండ్రి అందరు."

నా చేతిలో కాగితం కాస్త బరువెక్కింది. వెనక్కి తిప్పాను. గీతల ముద్రలు ఉన్నాయి. చిటికెన వేలి పక్క కండరం. ఐదు నిమిషాలు వ్యాయామం చేయించి, తర్వాత నిమిషానికోసారి కొలత. మొదటి నిమిషం, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడితో ఆగింది.

పుస్తకంలో నలభై నిమిషాలు చూడమని ఉంది. నేను ఐదుతో ఆపాను. ఎందుకు ఆపానో గుర్తు లేదు కానీ ఊహించగలను. బయట పదకొండు మంది ఉండి ఉంటారు. భోజనం వేళ అయి ఉంటుంది. ఐదో నిమిషంలో గీత మొదటికంటే పెద్దగానే ఉంది, ఇంకేం కావాలి అనుకుని ఉంటాను. కూర్చుంటే పట్టు పోయే జబ్బు ఒకటుంది, ఆ పెద్దదవడమే అందులో మోసం. ముందు కాస్త పెరిగి, తర్వాత మెల్లగా పడిపోతుంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు చెప్పిందదే. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మంచం మీద పడుకో బాబూ" అన్నాను. "పరీక్ష మళ్లీ చేస్తాను."

వర్ణిక నా వైపు వంగి, "మేడమ్, బయట తొమ్మిది మంది ఉన్నారు" అంది.

"కూర్చోమను. తిట్టుకుంటే నన్ను తిట్టుకోమను."

ముందు కుడి మణికట్టు దగ్గర నరం మీద చిన్న కరెంటు పెట్టాం. మొదట ఏమీ రాలేదు. కొంచెం పెంచితే చిటికెన వేలు అదిరింది. ఇంకా పెంచుకుంటూ పోతే ఒక చోట గీత పెద్దదై, ఆ పైన ఎంత పెంచినా మారలేదు. కండరం మొత్తం పలికిందన్నమాట. తొమ్మిది పాయింట్ ఎనిమిది మిల్లీవోల్టులు. స్పర్శ తెలిపే నరం కూడా చూశాం, నిక్షేపంలా ఉంది.

తర్వాత ఐదు నిమిషాలు వేలిని బలంగా పక్కకి చాపించాను, మధ్యమధ్య నాలుగు సెకన్లు విరామం ఇస్తూ. అతని నుదుటి మీద చెమట పట్టింది. తాడు పట్టుకున్నట్టే పళ్లు బిగించాడు. ఐదు నిమిషాలవగానే, "ఇక కదలకు. చెయ్యి వదిలేసి పడుకో" అన్నాను. చెయ్యి చల్లబడకుండా వర్ణిక దుప్పటి కప్పింది.

ఒకటో నిమిషం, పది పాయింట్ ఆరు. ఐదో నిమిషం, పదకొండు పాయింట్ ఆరు.

మాస్టరు గోడ గడియారం చూశారు. "పెరిగిందిగా డాక్టరు గారూ. మంచిదేగా?"

"కూర్చోండి మాస్టరు గారూ."

"కూర్చుంటాం. మాకు అలవాటే. సినిమా అంటేనే పావుగంట పరుగు, మూడు గంటలు పడిగాపులు." ఆయన స్టూలు లాక్కున్నారు. "ఒక్క మాట చెప్పండి. ఇంత ఒళ్లున్నవాడు, పట్టుకోవాలని మనసులో ఉన్నవాడు, చెయ్యి వినకపోవడమేమిటండీ? బలం చాలకపోతే ఇంకాస్త బలం పెడతాం కదా?"

ఈ ప్రశ్నకి నేను ఇరవై ఎనిమిదేళ్లు జవాబు చెప్పాను. అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు, పరీక్ష పేపరు తప్ప. నీరసంగా ఉన్నా చెప్పాలనిపించింది.

"కండరం పొర మీద సన్నటి తలుపులుంటాయి, లక్షల్లో" అన్నాను. "సోడియం లోపలికి వచ్చే దారులు. మామూలుగా మూసి ఉంటాయి. లోపలి వోల్టేజీ కాస్త పైకి లేస్తే కొన్ని తెరుచుకుంటాయి. సోడియం వస్తుంది, వోల్టేజీ ఇంకాస్త లేస్తుంది, ఇంకొన్ని తెరుచుకుంటాయి. కానీ అదే సమయంలో పొటాషియం బయటికి కారుతూ వోల్టేజీని కిందకి లాగుతూ ఉంటుంది. వచ్చేది పోయేదానికంటే తక్కువుంటే ఎక్కడిదక్కడ చల్లారిపోతుంది. ఎక్కువైన క్షణం నుంచి ఇక ఆగదు, అన్నీ తెరుచుకుంటాయి. ఆ గీటునే మేం థ్రెషోల్డ్ అంటాం. దాటితే పూర్తిగా, దాటకపోతే అసలు లేదు. సగం సగం ఉండదు."

"మా గుంపు సీన్లలాగే" అన్నారు మాస్టరు. "నలుగురు పరిగెడితే మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. నలభై మంది కదిలారంటే నాలుగు వందల మందీ కదులుతారు."

"సరిగ్గా అదే. ఇక రెండోది. తెరుచుకున్న తలుపు అలాగే ఉండిపోదు. ఒక్క మిల్లీ సెకనులో లోపలినుంచి గడియ పడిపోతుంది. మూసి ఉండటం వేరు, గడియ పడటం వేరు. మూసి ఉన్నది పిలిస్తే తెరుచుకుంటుంది. గడియ పడినది ఎంత కరెంటు పెట్టినా తెరుచుకోదు. వోల్టేజీ మళ్లీ అడుగుకి దిగితేనే ఆ గడియ ఊడుతుంది. అప్పటిదాకా కండరం రెండోసారి పలకదు. కొన్ని తలుపులకి ఊడి, కొన్నిటికి ఊడనప్పుడు, పైగా పొటాషియం దారులు ఇంకా తెరిచే ఉన్నప్పుడు, మామూలుకంటే గట్టిగా తడితే పలుకుతుంది. ఇదంతా కొన్ని మిల్లీ సెకన్లలో ముగుస్తుంది."

మాస్టరు స్టూలు ముందుకు జరుపుకున్నారు. "అంటే టేకు అయిపోయాక అందరూ మళ్లీ మొదట నిలబడ్డ చోటికి, ఫస్ట్ పొజిషన్‌కి రావాలన్నమాట. రాకుండా నేను మైకులో ఎంత అరిచినా రెండో టేకు జరగదు."

క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న ఒక్క పిల్లాడు కూడా ఇంత చక్కగా చెప్పలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. పెద్దాయన సిగ్గుపడ్డారు.

పదో నిమిషం, పదకొండు పాయింట్ మూడు. పదిహేనో నిమిషం, పదకొండు. మొదటి కొలతకంటే ఇంకా ఎక్కువే. ఏమీ దొరక్కపోతే? రెండోసారి కూడా లోపం లేదని రాస్తే, ఈ మనిషిని నేను రెండుసార్లు పాతిపెట్టినట్టే. హనుమంతు కళ్లు మూసుకుని పడుకున్నాడు, కనుగుడ్లు మాత్రం రెప్పల కింద తిరుగుతున్నాయి.

మాస్టరు లేచారు. "మేడమ్, నాలుగింటిలోపు కమిటీవాళ్లని ఒక్కొక్కరినీ కలిసి చెప్పుకోవాలి. మార్పేమీ లేదంటే..."

వర్ణిక వైర్ల మీద చెయ్యి వేసింది, తీసేద్దామా అన్నట్టు.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఇరవై రెండో నిమిషంలో గీత తొమ్మిది పాయింట్ నాలుగు. వర్ణిక వైరు అంటుకుందో లేదో నొక్కి చూసింది, బాగానే ఉంది. కరెంటు పెంచి చూశాను, గీత పెరగలేదు. ఇరవై ఎనిమిదికి ఏడు పాయింట్ ఎనిమిది. ముప్పై నాలుగుకి ఆరు పాయింట్ ఒకటి.

నలభయ్యో నిమిషంలో నాలుగు పాయింట్ తొమ్మిది. ఎత్తైన కొలతలో సగం కూడా లేదు.

"హనుమంతూ, చిటికెన వేలు పక్కకి చాపు. నా వేలిని తొయ్యి."

తోశాడు. తోయాలని చూశాడు. భుజం బిగిసింది, మెడ నరాలు తేలాయి. అంత మనిషి వేలు నా ముసలి వేలి మీద దూదిలా ఆనింది. తన వేలిని తనే వింతగా చూశాడు.

"గిదే మేడమ్" అన్నాడు. "గా దినం గిట్లనే అయింది."

"నీ తలుపుల్లో కొన్నిటికి గడియ సరిగ్గా పడదు బాబూ. పుట్టుకతో వచ్చిన లోపం, మీ నాన్నకీ అదే ఉండి ఉంటుంది. అవి సన్నగా కారుతూనే ఉంటాయి. దాంతో వోల్టేజీ పూర్తిగా కిందకి దిగదు. దిగకపోతే మంచి తలుపులకి పడ్డ గడియలు ఊడవు. మాస్టరు గారి మాటలో చెప్పాలంటే, ఎవడూ ఫస్ట్ పొజిషన్‌కి రాడు. మిల్లీ సెకన్లలో అయిపోవాల్సిన విరామం నీకు గంటసేపు సాగుతుంది. పని చేస్తున్నంతసేపూ సోడియాన్ని తిరిగి బయటికి తోసే లోపలి పంపులు గట్టిగా పనిచేసి కాపాడతాయి. ఆగితే దొరికిపోతావు. చలి, తడి, ఆకలి దాన్ని ఇంకా పెంచుతాయి. పొటాషియం ఎక్కువైతే మరీను. ఆ రోజు ఆ అర్ధగంటలో ఏమైనా తిన్నావా?"

"తినలే. నీరసంగున్నా అంటే మాస్టరు రెండు బోండాలు తాగిపిచ్చిండు."

మాస్టరు ముఖం పాలిపోయింది. సెట్లో ఎవరు సొమ్మసిల్లినా ముందు కొబ్బరి బోండాం కొట్టిస్తారు. అది మర్యాద, వైద్యం, ప్రేమ, అన్నీను. "కొబ్బరినీళ్లు చలవ కదండీ?" అన్నారు.

"అందరికీ చలవే. వాటినిండా పొటాషియం. అది చేరితే వోల్టేజీ గీటుకి దగ్గరగా లేస్తుంది. దగ్గరైతే తేలిగ్గా పలకాలి కదా అనిపిస్తుంది. కానీ మెల్లగా లేచి అక్కడే నిలబడితే తలుపులకి తెరుచుకోకుండానే గడియలు పడిపోతాయి. అప్పుడు గీటంటూ ఉండదు, ఎంత తోసినా పలకదు."

"నేనే తాగించాను" అన్నారాయన. "వద్దంటుంటే, రెండోది కూడా తాగరా అని బలవంతం చేశాను."

"మీకు తెలియదు. నాకు తెలుసు" అన్నాను. పాత కాగితం ఆయన ముందు పెట్టి ఐదో నిమిషం గీత మీద వేలు పెట్టాను. "రెండేళ్ల కిందట ఇదే పరీక్ష ఇక్కడ ఆపేశాను. ఇంకో అర్ధగంట కూర్చుని ఉంటే ఆ రోజే తెలిసేది."

మాస్టరు ఆ గీతనీ నన్నూ మార్చి మార్చి చూశారు. "మరయితే మౌళి కాలు..." అని ఆపేశారు. పూర్తి చేయకపోయినా నాకు వినబడింది. చెంప మీద కొట్టినట్టు వినబడింది.

కొత్త రిపోర్టు రాశాను. వ్యాయామం తర్వాత కండర స్పందన ఎత్తైన కొలతనుంచి యాభై ఎనిమిది శాతం పడిపోయిందనీ, సోడియం చానెల్ లోపానికి ఇది గట్టి ఆధారమనీ, ఖాయం చేయడానికి జన్యు పరీక్షకు రక్తం పంపుతున్నామనీ రాశాను. ఇలాంటి స్థితిలో మనిషి ఎంత కోరుకున్నా పట్టు నిలవదని రాశాను. నా పాత రిపోర్టు అసంపూర్ణ పరీక్ష మీద ఇచ్చిందనీ, దాన్ని ఆధారంగా తీసుకోవద్దనీ, ఆ పొరపాటు నాదేననీ రాసి సంతకం పెట్టాను. పైవాళ్లు పిలిచి అడుగుతారు. అడగనీ.

"మందులున్నాయి" అని హనుమంతుకి చెప్పాను. "న్యూరాలజీ డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఇది వస్తున్నట్టనిపించగానే కాస్త చక్కెర తిని, ఊరికే కూర్చోకుండా మెల్లగా నడువు. చాలావరకు అదుపులో ఉంటుంది. కానీ తాడు పని వద్దు. నీ చేతికింద ఇంకో మనిషి ప్రాణం ఉండకూడదు."

మాస్టరు కంగారుగా, "మరి వీడి కార్డు..." అన్నారు.

హనుమంతు లేచి కూర్చున్నాడు. పదిహేనేళ్ల పని పోయిందని చెబితే మనిషి ముఖం ఎలా ఉండాలో అలా లేదు అతని ముఖం. మూడు వారాల తర్వాత అప్పుడే ఊపిరి అందినట్టుంది. "కార్డు సంగతి ఎన్కకు జూద్దం మాస్టర్" అన్నాడు. "మేడమ్, నేనిడువలే అని మౌళికి మీరు చెప్తరా? నేను చెప్తే నమ్మడు. నా ఫోనెత్తడు."

మాస్టరు ఫోను నుంచి చేశాం. అవతల గొంతు పొడిగా ఉంది. నేనెవరో చెప్పాను. పరీక్షలో ఏం కనబడిందో చెప్పాను. అతను తాడు వదల్లేదనీ, చెయ్యే పలకలేదనీ, రెండేళ్ల కిందట ఈ జబ్బు పట్టుకోవాల్సిన నేను పరీక్ష సగంలో ఆపేశాననీ చెప్పాను. క్షమించమని అడిగాను. కాలికి రాడ్ వేయించుకున్నవాడిని ఏ ముఖంతో అడిగానో తెలియదు, అడిగాను.

"వాడు గాడనే ఉన్నడా?" అన్నాడు మౌళి.

"ఉన్నాడు."

"వానికియ్యుండ్రి."

హనుమంతు కుడిచెయ్యి చాపాడు. ఫోను అందులో నిలవలేదు, జారింది. వర్ణిక పట్టుకుని అతని ఎడమ చేతికి ఇచ్చింది. అవతల మౌళి ఏమన్నాడో నాకు వినబడలేదు. ఇతను "ఆఁ" అన్నాడు, "ఆఁ రా" అన్నాడు, తర్వాత అంత మనిషీ తల వంచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోతే అది సగంలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు మంచిగనే ఉన్న రా" అన్నాడు ఫోనులో. "గంతా మంచిగనే ఉన్నది. గని ఇగ నీ తాడు నేను పట్టుడు లేదంట."